గంగాధర్ కాస్తా కంగాతర్ అయ్యాడు: ఈ కథ నమ్మేలా ఉందా?

పెరంబూరు_వాసి

నేను రాసిన ఒక చిన్న కథను పత్రిక తిప్పి పంపింది. కారణాలు సబబో కాదో మీరు చెప్పాలి. కథ సారాంశం ఇది.

1983 జూన్. నెల్లూరు జిల్లా నుంచి వలస వచ్చి పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరిన పసుపులేటి సుబ్బయ్య తన కొడుకు గంగాధర్‌ను ఒకటో తరగతిలో వేయాలి. ఆయనకు పగటి షిఫ్టు, భార్యకు తమిళం రాదు. పక్కవాటాలో ఉండే తమిళావిడ పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి, దరఖాస్తు తమిళంలో నింపి ఇచ్చి వస్తుంది. గుమాస్తా దాన్ని చూసి ఇంగ్లీషు రిజిస్టరులో S. KANGATHAR అని ఎక్కిస్తాడు. తెలుగు పిల్లలు వాణ్ణి ‘కంగారు’ అని ఏడిపిస్తారు. పదో తరగతి సర్టిఫికెట్టు, డిప్లొమా, ఉద్యోగం అన్నీ ఆ పేరు మీదనే నడిచిపోతాయి. తండ్రి పోయాక ఊళ్లో ఉన్న ఎకరం పొలం తన పేరుకు మార్పించుకోవడానికి వెళితే, సుబ్బయ్య కొడుకు పసుపులేటి గంగాధర్ అని ఊరంతా చెబుతున్నా, అతని చేతిలోని కాగితాలన్నీ ఎస్. కంగాతర్ అనే మరో మనిషివి అవుతాయి. ఎలాగో ఆ పని పూర్తి చేసుకుంటాడు గానీ, పేరు మాత్రం మార్చుకోకుండా చెన్నై రైలెక్కుతాడు.

సంపాదకుడి అభ్యంతరాలు రెండు. గంగ అనే మాటను జీతో కాకుండా కేతో మొదలుపెట్టే గుమాస్తా తమిళనాట ఉండడని ఒకటి. చదువుకున్న మనిషి అంత తప్పును నలభై ఏళ్లు దిద్దించుకోకుండా ఉండడని రెండోది.

సౌకార్‌పేట_సుబ్బు

మొదటి అభ్యంతరం విషయంలో నేను సంపాదకుడి పక్షమే. గంగైకొండ చోళపురం అన్న బోర్డు ఇంగ్లీషులో జీతోనే ఉంటుంది. గంగ పేరు వినని గుమాస్తా ఎవరుంటారు?

జయనగర్_ఇంజినీరు

మీ అబ్బాయి ఇప్పుడు ఏ తరగతిలో ఉన్నాడో చెప్పలేదు. పదో తరగతి పరీక్షకు పేర్లు పంపక ముందైతే భయపడాల్సిన పని లేదు. జనన ధ్రువపత్రం జతచేసి ప్రధానోపాధ్యాయుడికి దరఖాస్తు ఇస్తే పాఠశాల స్థాయిలోనే సరిచేస్తారు. ఆలస్యం చేయకండి.

పెరంబూరు_వాసి

జయనగర్ గారూ, కృతజ్ఞతలు. కానీ ఆ అబ్బాయి కథలోని వాడు, ఇప్పటికి నలభై దాటాయి.

జయనగర్_ఇంజినీరు

అయితే మరీ ఆలస్యమైపోయింది.

రిటైర్డు_టీచరమ్మ

చెన్నైలో ఒక ఎయిడెడ్ పాఠశాలలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నదాన్ని. కొన్నేళ్లు ఆఫీసు రిజిస్టర్లు కూడా నా చేతి మీదుగానే నడిచాయి. అందుకే సంపాదకుడి మొదటి మాట ఒప్పుకోలేకపోతున్నాను.

తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. త, థ, ద, ధలకూ అంతే. మాట తెలిసిన తమిళుడు ఎక్కడ క పలకాలో ఎక్కడ గ పలకాలో అలవాటు మీద పలుకుతాడు, అక్షరం అతనికి ఆ తేడా చెప్పదు. మీ కథలో పక్కింటావిడ దరఖాస్తులో తప్పేమీ రాయలేదు. గంగాధర్ అన్న పేరును తమిళంలో ఎలా రాయాలో అలాగే రాసింది. ఆ కాగితం చూసి ఇంగ్లీషులోకి ఎక్కించినవాడికి మొదటి అక్షరం కే కావచ్చు, జీ కావచ్చు. చివరి ‘ధ’ దగ్గర మాత్రం అతనికి అనుమానమే రాదు. ఇక్కడి వాడుకలో దంత్యాక్షరానికి ఇంగ్లీషులో టీ, హెచ్ కలిపి రాయడం ఆనవాయితీ. సుధ అన్న పిల్ల సుతా అయిన రిజిస్టర్లు నేను చూశాను, సుధాకర్ సుతాకర్ అయినవీ చూశాను.

మీరు గుర్తుపెట్టుకోవలసింది, గుమాస్తా ఆ పేరును చెవితో వినలేదు, కంటితో చూశాడు. జూన్ మొదటి వారంలో వరండా నిండా తల్లిదండ్రులు నిలబడి ఉంటారు. దరఖాస్తులన్నీ పోగు చేసుకుని సాయంత్రం కూర్చుని వరసగా ఎక్కిస్తారు. అప్పుడు గంగానది గుర్తుకు రాదు, తర్వాతి గడి గుర్తుకు వస్తుంది. ఆ రిజిస్టర్లోనే సగం మంది పిల్లలు జూన్ 1న పుట్టి ఉంటారు కూడా. తేదీ తెలియదన్న ప్రతివాడికీ వయసు సరిపోయేలా అదొక తేదీ వేసేవారు.

సౌకార్‌పేట_సుబ్బు

జూన్ 1న పుట్టిన వాళ్లలో మా నాన్న ఒకరు, మా మామయ్య ఇంకొకరు. ఆ మాట కాదనను. కానీ గంగైకొండ సంగతి మీరు చెప్పనేలేదు.

రిటైర్డు_టీచరమ్మ

గంగైకొండ చోళపురం జీతో రాస్తారు, సరే. పశువులకు పేరుపడ్డ కాంగేయం ఊరి పేరు తమిళంలో అదే అక్షరంతో మొదలవుతుంది, దాన్ని ఇంగ్లీషులో కేతో రాస్తారు. మనం రోజూ చూసే గిండీ స్టేషను పేరు తమిళంలో మళ్లీ అదే అక్షరం, ఇంగ్లీషులో జీ. ఊళ్ల పేర్లు ఎప్పుడో ఒకరు స్థిరపరిచారు గనుక అందరం వాటినే అనుసరిస్తున్నాం. ఆరేళ్ల పిల్లవాడి పేరును స్థిరపరిచేవాడు ఆ పూట ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషే.

సౌకార్‌పేట_సుబ్బు

కాంగేయం దగ్గర దొరికిపోయాను. సరే, గుమాస్తా బతికి బయటపడ్డాడు.

తెలుగు_చట్టం

రెండో అభ్యంతరం మాత్రం గట్టిదే. పేరు మార్చుకోవడం ఇప్పుడు పెద్ద పని కాదు. అన్నాశాలైలోని ప్రభుత్వ ముద్రణాలయ శాఖకు దరఖాస్తు ఇచ్చి, రుసుము కట్టి, గెజెట్‌లో ప్రకటన వేయిస్తే అక్కడితో తప్పు సరి అవుతుంది. అది చేతిలో పెట్టుకుంటే పదో తరగతి సర్టిఫికెట్టు నుంచి పాస్‌పోర్టు దాకా అన్నీ మారిపోతాయి. పైగా 2021లో సర్వోన్నత న్యాయస్థానం సీబీఎస్ఈ సర్టిఫికెట్ల విషయంలో తీర్పు ఇస్తూ, తన పేరు మీద మనిషికి ఉన్న హక్కు భావప్రకటన స్వేచ్ఛలో భాగమని చెప్పింది. ఇన్ని దారులుండగా మీ నాయకుడు చేతులు ముడుచుకుని రైలెక్కడమేమిటి?

మౌంట్‌రోడ్డు_మూర్తి

నేను ఆ గెజెట్ ప్రకటన స్వయంగా వేయించుకున్నవాణ్ణి కనుక చెబుతున్నాను. తెలుగు_చట్టం గారి మాటలో సగం నిజం. ప్రకటన వస్తుంది, అది తమిళనాడు గెజెట్ ఆరో భాగం నాలుగో విభాగంలో ఉంటుంది. దాని వాక్యం ఎప్పుడూ ఒక్కటే: ఫలానా తేదీన ఫలానా చోట పుట్టిన, ఫలానా చిరునామాలో ఉంటున్న ఎస్. కంగాతర్ అనే నేను ఇకపై పి. గంగాధర్‌గా పిలవబడతాను. ‘ఇకపై’ అనేదే అక్కడి చిక్కు. ఇంతకుముందు కూడా నేను గంగాధర్‌నే, బడిలో తప్పు రాశారు అని అందులో ఎక్కడా ఉండదు. పాత మార్కుల జాబితా అలాగే ఉంటుంది, దానికి ఈ గెజెట్ కాగితం తోకలా జతపడుతుంది. ఎక్కడికి వెళ్లినా రెండూ కలిపి చూపించాలి. నా విషయంలో అంతే జరుగుతోంది.

నేను మార్చుకున్నది తప్పు దిద్దించుకోవడానికి కాదు లెండి. మా అత్తగారు నమ్మిన సంఖ్యాశాస్త్రం ప్రకారం మూర్తిలో ఒక అక్షరం పెరగాలట. నాకు పెరిగింది అక్షరం ఒక్కటే.

తెలుగు_చట్టం

పాత మార్కుల జాబితా సంగతి ఒప్పుకుంటాను. అయినా 2021 తీర్పు ఉందిగా. అది దిద్దుబాటు గురించే.

మౌంట్‌రోడ్డు_మూర్తి

దిద్దుబాటు కావాలంటే దేన్ని చూసి దిద్దాలి? ఆ తీర్పు బడి రికార్డునో, జనన ధ్రువపత్రం వంటి ప్రభుత్వ పత్రాన్నో ఆధారంగా చూపించమంటుంది. కంగాతర్‌కు బడి రికార్డే తప్పు. జనన ధ్రువపత్రంలో ఏముందో రచయిత చెప్పలేదు.

పెరంబూరు_వాసి

కథలో దాని ప్రస్తావన లేదు. పిల్లవాడు నెల్లూరు జిల్లాలో అమ్మమ్మగారింట్లో పుట్టాడు. పుట్టుక నమోదైంది, అంతవరకే అనుకున్నాను.

రిటైర్డు_టీచరమ్మ

అక్కడే మీ రెండో అభ్యంతరానికి సమాధానం ఉంది, మీరే దాన్ని కథలోకి రానివ్వలేదు. జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. పేరు పెట్టకముందే పుట్టుక నమోదు చేయవచ్చు, తర్వాత వచ్చి పేరు చేర్పించుకోవాలి. ఆ రెండోసారి వెళ్లినవాళ్లు తక్కువ. పురిటికి పుట్టింటికి వెళ్లిన తల్లి బిడ్డతో మద్రాసు వచ్చేస్తే, పేరు చేర్పించడానికి మళ్లీ ఎవరు వెళతారు? ఆ కాగితంలో తండ్రి సుబ్బయ్య, మగ శిశువు, తేదీ ఉంటాయి. పేరు గడి ఖాళీ.

కాబట్టి మీ గంగాధర్‌కు బడి రిజిస్టరు కంటే ముందు ఏ కాగితం మీదా పేరు లేదు. సంపాదకుడు అనుకుంటున్నట్టు, సరైన పేరు ఒకచోట ఉండి దాన్ని చూసి ఎత్తిరాసేటప్పుడు తప్పు దొర్లింది కాదు. రిజిస్టర్లో పడ్డదే అతని మొదటి పేరు. అమ్మ పిలిచేదీ ఊరు పిలిచేదీ కాగితం కాదు గదా. తర్వాత వచ్చిన ప్రతి కాగితమూ దాన్ని చూసి పుట్టిందే. ఇప్పుడు ఆ తర్వాతి కాగితాలన్నీ కలిసి మొదటిదానికి సాక్ష్యం చెబుతాయి. ఇది కథలో ఒక్క వాక్యంగానైనా రావాలి.

మల్లేశ్వరం_శ్రావణ్_అమ్మ

కథ సంగతి అలా ఉంచితే, మాకు బెంగళూరులో సరిగ్గా దీనికి తిరగబడ్డ కష్టం. మా అబ్బాయి ఆధార్ ఆంధ్రలో తీయించాం, అందులో ఎస్ పక్కన హెచ్ లేదు. ఇక్కడ బడిలో చేర్చినప్పుడు టీచరు తన చేతి అలవాటు కొద్దీ హెచ్ చేర్చి రాసేసింది. కన్నడం వాళ్లు చాలామంది శ అనేదానికి హెచ్ చేర్చి రాస్తారు. మనవాళ్లేమో శ్రీనివాస్ అన్నా శ్రావణ్ అన్నా ఎస్, ఆర్ రాసి ఊరుకుంటాం. ఇప్పుడు బడివాళ్లు ఆన్‌లైన్ రికార్డులో పేరు ఆధార్‌తో కలవడం లేదని నెలకోసారి చీటీ పంపుతున్నారు. ఏది మార్చాలి? ఆధార్‌లో పేరు రెండుసార్లు మాత్రమే మార్చుకోనిస్తారు, ఒకసారి ఇప్పటికే ఇంటిపేరు కోసం వాడేశాం.

జయనగర్_ఇంజినీరు

మీ అబ్బాయి నిజంగానే ఉన్నాడు గదా? అయితే నా పాత సమాధానం మీకు పనికొస్తుంది. బడి రికార్డునే మార్పించండి, ఆధార్ జోలికి వెళ్లకండి. పదో తరగతి వచ్చేలోగా ఏది మార్చినా బడిదే తేలిక.

మల్లేశ్వరం_శ్రావణ్_అమ్మ

ఆరో తరగతి చదువుతున్నాడు. సోమవారం వెళ్లి అడుగుతాను.

కథల_పిచ్చి

నాకు ఇంకొక చోట తేడా కనిపిస్తోంది. పేరు ఒక్కటే కాదు, ఇనీషియలూ మారింది కదా? పసుపులేటి సుబ్బయ్య కొడుకు మన పద్ధతిలో పి. గంగాధర్ కావాలి. తమిళ పద్ధతిలో తండ్రి పేరులోని మొదటి అక్షరం ముందు పెడతారు గనుక ఎస్. కంగాతర్ అయ్యాడు. కథలో కే గురించి అంత గొడవ జరిగింది గానీ, ఎస్ గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. రెవెన్యూ కార్యాలయంలో అతన్ని నిలబెట్టేసింది అసలు ఆ ఎస్సే అని నా అనుమానం. కేను చూసి జీ అని అర్థం చేసుకునే ఉద్యోగి ఉండవచ్చు. ఇంటిపేరు లేని మనిషిని చూసి ‘పసుపులేటి వారి పొలానికి ఇతనెవరు’ అనని ఉద్యోగి మన జిల్లాల్లో ఉండడు.

పెరంబూరు_వాసి

ఇది నాకు తట్టలేదు. మా ఇంట్లోనూ అందరం తండ్రి పేరు ఇనీషియల్‌తోనే ఉన్నాం, అందుకే కంటికి ఆనలేదేమో.

మౌంట్‌రోడ్డు_మూర్తి

పాస్‌పోర్టు దగ్గర అది ఇంకా ముదురుతుంది. ఆ దరఖాస్తులో ఇనీషియల్ పనికిరాదు, విప్పి రాయాలి. ఎస్ విప్పితే సుబ్బయ్య. ఇంటిపేరు గడిలో సుబ్బయ్య పడుతుంది. విదేశంలో అడుగుపెడితే అందరూ మిమ్మల్ని మిస్టర్ సుబ్బయ్య అని మీ నాన్నగారి పేరుతోనే పిలుస్తారు. పసుపులేటి మాత్రం ఎక్కడా మిగలదు.

సౌకార్‌పేట_సుబ్బు

మా తమ్ముడు దుబాయ్‌లో పదేళ్లుగా మా నాన్న పేరుతోనే బతుకుతున్నాడు. నాన్న ఒక్కరోజు కూడా విమానం ఎక్కలేదు.

తెలుగు_చట్టం

అందరూ కలిసి మనిషిని నిస్సహాయుణ్ణి చేసేస్తున్నారు. పదో తరగతి పరీక్షకు ముందు పేర్ల జాబితా పిల్లలకు చూపించి సంతకం పెట్టించుకుంటారు కదా? అప్పుడు పదిహేనేళ్ల కుర్రవాడు ‘ఇది నా పేరు కాదు’ అని ఎందుకు అనలేదు? ఆ సన్నివేశం కథలో లేకపోతే అది లోపమే.

రిటైర్డు_టీచరమ్మ

జాబితా నేనే చదివి వినిపించేదాన్ని. ఒక్కొక్కరినీ లేపి పేరు, ఇనీషియల్, పుట్టిన తేదీ చదివి, స్పెల్లింగు చూడమని చెప్పి పక్కన సంతకం పెట్టించేవాళ్లం. అభ్యంతరం చెప్పేవాళ్లు చాలా తక్కువ. చెప్పినవాళ్ల ఇళ్లలో చదువుకున్నవాళ్లు ఉండేవారు. మిగిలినవాళ్లు పదేళ్లుగా ప్రతి నోటు పుస్తకం అట్ట మీదా ఏ స్పెల్లింగు రాస్తున్నారో దానికే సంతకం పెట్టేవారు. ఇంట్లో పిలిచే పేరు వేరు, బడి పేరు వేరు అన్నది వాళ్లకు వింతగా ఉండదు. ప్రతి పిల్లవాడికీ ఒక ముద్దుపేరు ఉంటుంది, కంగాతర్ దృష్టిలో గంగాధర్ అలాంటిదే అయి ఉంటుంది. మీరు తప్పును పట్టుకోవడానికి పెట్టిన జల్లెడ, అది తప్పని ఎవరికీ అనిపించని వయసులో పెట్టారు. పైగా దిద్దాలంటే రిజిస్టరులో ఎర్ర సిరాతో కొట్టి రాసి, ప్రధానోపాధ్యాయుడు సంతకం పెట్టి ముద్ర వేయాలి, తండ్రి వచ్చి రాతపూర్వకంగా అడగాలి. పగటి షిఫ్టు ఫిట్టరు దానికోసం ఒక రోజు జీతం వదులుకుంటాడా?

తెలుగు_చట్టం

వదులుకోవాలి. నేనైతే వదులుకుంటాను.

కథల_పిచ్చి

మీరు వదులుకుంటారు, కథ మీది కాదు. అయినా ముగింపు విషయంలో నాకూ అసంతృప్తి ఉంది. పొలం పని ఎలా పూర్తయిందో ‘ఎలాగో’ అని దాటేశారు. ఆ ‘ఎలాగో’ దగ్గరే కథ ఉంది.

పెరంబూరు_వాసి

ఆ భాగాన్ని మళ్లీ రాశాను. ఇక్కడ పెడుతున్నాను.

“నోటరీ బల్ల మీద కాగితం పెట్టి అతను చదివాడు. ఎస్. కంగాతర్ అనియూ పసుపులేటి గంగాధర్ అనియూ పిలవబడు ఇరువురును వేరువేరు వ్యక్తులు కాక ఒక్కరే అని ప్రమాణపూర్వకముగా తెలియజేయుచున్నాను. కింద ఇద్దరు సాక్షులు. ఒకరు చిన్నాన్న, ఇంకొకరు ఊళ్లో కిరాణా కొట్టు వెంకటరత్నం. చిన్నాన్న కళ్లజోడు తీసి, ‘కంగాతర్ ఎవడ్రా?’ అని అడిగాడు. ‘నేనే చిన్నాన్నా, మద్రాసులో’ అన్నాడు. ‘అక్కడ ఇంకో పేరు ఎందుకు పెట్టుకున్నావు, మీ నాయనకు తెలుసా?’ అంటూనే ఆయన సంతకం పెట్టాడు. నోటరీ ముద్ర కొడుతూ, ఏ పేరుతో సంతకం పెడతారని అడిగాడు. పొలం కాగితాల మీద ఎప్పుడూ పెట్టని సంతకం పెడితే రేపు బ్యాంకులో కలవదు, బ్యాంకులో పెట్టే సంతకం పెడితే ఇక్కడ కలవదు. అతను రెండూ పెట్టాడు.”

కథల_పిచ్చి

చిన్నాన్న బాగున్నాడు. ‘అక్కడ ఇంకో పేరు ఎందుకు పెట్టుకున్నావు’ అన్న మాట కోసం కథ మొత్తం చదవవచ్చు. అయితే పేరు మార్చుకోకపోవడం ఇప్పటికీ అతని నిర్ణయంలా లేదు, అలసటలా ఉంది. మీ ఉద్దేశం ఏది?

పెరంబూరు_వాసి

అలసట కాదు. అతని కూతురి కాగితాల్లో తండ్రి పేరు కంగాతర్ అని ఉంది, ఆమె ఇనీషియల్ కే. ఇప్పుడు అతను మారితే ఆమె మొదలుపెట్టాలి.

తెలుగు_చట్టం

ఇది మొదటే చెప్పి ఉంటే నేను ఇంత వాదించేవాణ్ణి కాదు. అయినా మారాలనే అంటాను, కూతురికి పెళ్లయ్యేలోగా.

మౌంట్‌రోడ్డు_మూర్తి

కూతురి ఇనీషియల్ సంగతి కథలో తప్పక పెట్టండి. ఇద్దరు సాక్షుల విషయం మాత్రం ఒకసారి కనుక్కోండి, అఫిడవిట్‌కు అన్నిచోట్లా సాక్షులు అడగరు. చిన్నాన్న కోసమైతే ఉంచేయండి.

రిటైర్డు_టీచరమ్మ

చిన్నాన్నను ఉంచండి. ఇంకొక్క మాట. మీరు నాకు విడిగా పంపిన పూర్తి ప్రతిలో రెండో పేజీలో కంగాతర్ అనీ, అయిదో పేజీలో కంగాదర్ అనీ ఉంది. పత్రికకు పంపేముందు చూసుకోండి, వాళ్లు ఏది అచ్చువేస్తే అదే ఉండిపోతుంది.